ఐదు వందల మాటల్లో మీరెక్కడ?

(అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీలకు అప్లికేషన్లు పెట్టబోతున్న విద్యార్థులకు డైవర్సిటీ స్టేట్‌మెంట్ మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అదే ఎస్‌ఓపీ గురించి మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు, నేను దాని జోలికి పోను. అప్లికేషన్‌లో దాని పక్కనే ఇంకో ఫైలు ఎక్కించే చోటు ఉంటుంది. మన పిల్లలు చివరి రాత్రి పదకొండింటికి గమనించేది దాన్నే. కొన్నిచోట్ల డైవర్సిటీ స్టేట్‌మెంట్ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు చాలావాటిలో పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అనే పేరు కనిపిస్తుంది. మిషిగన్‌లో పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. పేర్లు వేరైనా అడిగేవి దాదాపు రెండే. మీరు ఎలాంటి పరిస్థితుల్లోంచి వచ్చారు, అవి మీ చదువును ఎలా మలిచాయి అన్నది ఒకటి. ఇక్కడికొస్తే తోటివాళ్లకి మీ వల్ల ఏం ఒరుగుతుంది అన్నది రెండోది.

ఒక జాగ్రత్త ముందే చెప్పేస్తాను. పోయినేడు వెళ్లిన సీనియర్ దగ్గర ప్రశ్న కాపీ తీసుకుని రాయడం మొదలుపెట్టకండి. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. అదే తీర్పులో చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఇంకో మాట కూడా రాశారు. తన జాతి తన జీవితం మీద ఎలా పనిచేసిందో అభ్యర్థి చెప్పుకుంటే దాన్ని చదవడానికి అడ్డేమీ లేదు, కాకపోతే విలువ కట్టేది ఆ మనిషి ధైర్యానికి, పట్టుదలకి, చేయగల పనికి కట్టాలి తప్ప జాతికి కాదు అని దాని సారాంశం. 2025 జులైలో అక్కడి న్యాయశాఖ, కేంద్ర నిధులు తీసుకునే సంస్థలకు ఇచ్చిన సూచనల్లో డైవర్సిటీ స్టేట్‌మెంట్లను పేరెత్తి మరీ హెచ్చరించింది. అందుకని చాలాచోట్ల శీర్షికలు మారుతున్నాయి, కొన్నిచోట్ల ఆ వ్యాసమే ఎత్తేస్తున్నారు. ఈ ఏడాది అప్లికేషన్ తెరిచి, అందులో ఉన్న ప్రశ్నని కాపీ చేసుకుని, మీరు రాసే పేజీకి పైన పెట్టుకోండి. రాయడం అయ్యాక దాన్ని తీసేయవచ్చు.

ఇప్పుడు మన సంగతి. తరచూ కనిపించే మొదటి పేరా ఇలా ఉంటుంది: "నేను అనేక భాషలు, మతాలు, సంస్కృతులకు నిలయమైన భారతదేశం నుంచి వస్తున్నాను." ఇది చదివే ప్రొఫెసర్‌కి మీ గురించి తెలిసింది సున్నా. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క. ఆ ఏడు అన్ని దేశాల్లోకీ మనమే ఎక్కువ. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ క్లాసులోకి వెళ్లి "నేను భారతీయుణ్ణి, అదే నా వైవిధ్యం" అంటే, పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డించి ఇదే మా ప్రత్యేక వంటకం అన్నట్టుంటుంది. దేశాన్ని వదిలేయండి. ఊరి దగ్గరికి రండి, బడి దగ్గరికి రండి, మీరు కూర్చున్న బెంచీ దగ్గరికి రండి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. ఇది కల్పించిన మనిషే, కానీ ఇలాంటివాళ్లు ఈ గదిలోనే ఉంటారు. ఒకమ్మాయి. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం. పదిలో వచ్చిన గ్రేడ్ల మీద బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. అక్కడ ఆరేళ్ల కోర్సు, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగ్, మొదటి రోజు నుంచీ ఇంగ్లీషులోనే. ఆమె మొదటి చిత్తుప్రతిలో 500 మాటలున్నాయి. అందులో 310 మాటలు ఇంటి కష్టం: రెండెకరాల మెట్ట, ఎండిపోయిన బోరు, నాన్న అప్పు, అమ్మ కూలి. 90 మాటలు దేశం గొప్పదనం. 60 మాటలు "మీ క్యాంపస్‌ని సుసంపన్నం చేస్తాను" లాంటి హామీలు. ఆమె స్వయంగా చేసింది ఏదైనా ఉంటే మిగతా 40 మాటల్లోనే ఉంది.

అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అది పని చేయదు. ఎందుకంటే ఆ 310 మాటల్లో కర్త నాన్న. కష్టపడింది ఆయన, అప్పు తీర్చింది ఆయన, బెంగపడింది అమ్మ. చదివినవాళ్లకి ఆయన మీద గౌరవం కలుగుతుంది, సీటు అడుగుతున్న అమ్మాయి మాత్రం కనిపించదు. మీ చిత్తుప్రతిని మీరే పరీక్షించుకోవచ్చు. ఒక రంగు పెన్ను తీసుకుని "నేను" కర్తగా ఉండి, పక్కన ఒక పని జరిగిన వాక్యాల కింద గీత గీయండి. "నేను పుట్టాను", "నేను చూశాను", "నేను బాధపడ్డాను" వద్దు, అవి పనులు కావు. గీతలు పేజీలో సగమైనా లేకపోతే అది మీ స్టేట్‌మెంట్ కాదు, మీ కుటుంబ చరిత్ర.

ఆ అమ్మాయి దగ్గర రాయడానికి లేక కాదు. అది రాయదగ్గదని ఆమెకి తోచలేదు, అంతే. బాసరలో మొదటి సెమిస్టర్‌లో ఇబ్బంది ఏమిటని అడిగితే "ఇంగ్లీష్ కష్టమైంది" అంటుంది. అక్కడితో ఆగితే వెయ్యి మంది రాసే వాక్యమే వస్తుంది. ఇంకాస్త తవ్వాలి. ఏ క్లాసులో, ఏ మాట దగ్గర ఆగిపోయావు? అప్పుడు సరుకు బయటపడుతుంది. సమితులు, బహుపదులు, శ్రేఢులు, కర్ణం అన్నీ ఆమెకి తెలుసు. సెట్స్, పాలినామియల్స్, ప్రోగ్రెషన్స్, హైపోటెన్యూస్ అనగానే అవే సంగతులని తట్టడానికి రెండు వారాలు పట్టింది. అది తేలిగ్గానే సర్దుకుంది. అసలు చిక్కు పరీక్షలో వచ్చింది. "హెన్స్ ప్రూవ్" అంటే, పైన వచ్చిన ఫలితాన్ని వాడి నిరూపించమని అర్థం. ఆమె మొదటి నుంచీ కొత్తగా నిరూపించి మార్కులు పోగొట్టుకుంది. "జస్టిఫై" అన్నచోట జవాబు రాసి కారణం రాయలేదు. లెక్క వచ్చు, ప్రశ్న రాలేదు.

ఇది నిజంగా తెలుసుకోదగ్గ సంగతి. పాఠం రానివాడికీ ప్రశ్న అర్థం కానివాడికీ కాగితం మీద పడే మార్కు ఒకటే, కారణాలు వేరు. అనుభవం మీకు నేర్పింది ఏమిటో ఇలా ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, ఆ వ్యాసానికి నిట్రాట పాతినట్టే.

తర్వాత ఏం చేశావు? మూడో ఏడు నుంచి ఆదివారాలు రెండేసి గంటలు పీయూసీ జూనియర్లతో కూర్చుంది. మొదటి రోజు 14 మంది వచ్చారు, నాలుగో వారానికి ఐదుగురు మిగిలారు. ఈ సంఖ్య ఆమె దాచేసింది, పరువు తక్కువని. నన్నడిగితే ఆ పేజీ మొత్తంలో పనికొచ్చే వాక్యం అదే. ఎందుకు మానేశారో తెలుసుకుంది కాబట్టి. ఆమె పాఠాలు మళ్లీ చెబుతోంది, వాళ్లకి పాఠాలు వచ్చు. తను పడిన గోతిలోనే వాళ్లూ ఉన్నారు. అప్పుడు పాఠాలు ఆపి, పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, ప్రతి ప్రశ్నలో ఏం చేయమంటున్నారో ఆ క్రియ కింద గీత గీయించడం మొదలుపెట్టింది. అలాంటి మాటలు ఓ 60 దాకా ఒక నోట్‌బుక్‌లో రాయించింది. సెమిస్టర్ చివరికి తొమ్మిది మంది వస్తున్నారు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు జూనియర్ల దగ్గర ఉంది.

ఇది పెట్టి తిరగరాస్తే మధ్య భాగం ఇలా వస్తుంది. రాసేది ఇంగ్లీషులోనే, మీకు వినడానికి తెలుగులో చెబుతున్నాను: "పదో తరగతి దాకా నేను చదివిన భాషకీ, కాలేజీలో నన్ను పరీక్షించిన భాషకీ సంబంధం లేదు. మొదటి పరీక్షలో నాకు తెలిసిన లెక్కలే తప్పాయి, ప్రశ్న ఏం చేయమంటోందో తెలియక. మూడో ఏడు నుంచి జూనియర్లకి సాయం చేయబోయి అదే తప్పు నేనూ చేశాను: వాళ్లకి వచ్చిన పాఠాలే మళ్లీ చెప్పాను. 14 మందిలో తొమ్మిది మంది మానేశారు. తర్వాతి వారం నుంచి పాఠాలు ఆపి ప్రశ్నలు చదవడం నేర్పాను." చూడండి, ఇందులో పేదరికం అన్న మాట లేదు. ఇంటి సంగతి రెండు వాక్యాల్లో పైన వస్తుంది, రావాలి కూడా. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదివాను, సెలవుల్లో పొలం పని చేశాను అంటే సరిపోతుంది. పొలం పనిలో కర్త మళ్లీ ఆమే కదా.

కొలతలంటే, 500 మాటల్లో పరిస్థితికి 120 దాటనివ్వకండి. చేసిన పనికి, దాంట్లో తెలుసుకున్నదానికి 230. మిగతా 150 అక్కడ ఏం చేస్తారన్నదానికి. ఇది నా లెక్క, శాసనం కాదు. అప్లికేషన్‌లో మాటల పరిమితో పేజీల పరిమితో ఉంటే అదే శాసనం.

ఇప్పుడు ఆ చివరి 150. ఎక్కువ అప్లికేషన్లు కూలిపోయేది ఇక్కడే. ఆమె మొదట రాసింది ఏమిటంటే, క్యాంపస్‌లో ఒక సంస్థ స్థాపించి అంతర్జాతీయ విద్యార్థులందరికీ మెంటరింగ్ చేస్తానని. చదివేవాళ్లకి మొదటి ఏడు విద్యార్థి వారం ఎలా గడుస్తుందో తెలుసు. మూడు కోర్సులు, అసైన్‌మెంట్లు, ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదన్న నిబంధన, ఆ పైన వంట, బట్టలు. మిగిలేది వారానికి రెండు మూడు గంటలు. హామీ ఆ గంటల్లో పట్టాలి.

అందుకని ఆమె మొదట వెతకాల్సింది డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్. ఎంఎస్ విద్యార్థులకి మొదటి ఏడు టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పని ఇస్తారా? చాలాచోట్ల పీహెచ్‌డీ వాళ్లకే ఇస్తారు, అలాంటిచోట "టీఏగా చేస్తాను" అంటే వెబ్‌సైట్ చదవలేదని చెప్పుకున్నట్టే. ఇచ్చేచోటైతే ఆమె మాట సూటిగా ఉండొచ్చు: క్విజ్ బయటికి వెళ్లేముందు ప్రశ్నల భాష చూసే పని నాకు ఇవ్వండి, ఇంగ్లీషు రెండో భాషగా ఉన్న విద్యార్థి ఎక్కడ తడబడతాడో నేను చెప్పగలను. వంద మంది క్లాసులో ఇది పనికొచ్చే సాయం. టీఏ లేనిచోట ఇంకేం ఉందో చూడాలి. ట్యూటరింగ్ సెంటర్ ఉంటుంది. కొన్ని డిపార్ట్‌మెంట్లలో విద్యార్థులే కొత్త అభ్యర్థుల వ్యాసాలు చదివి సలహా ఇచ్చే ఏర్పాట్లున్నాయి. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగం విద్యార్థులు నడిపే గ్రాడ్యుయేట్ అప్లికేషన్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అలాంటిదే. మీరు అప్లై చేసేచోట అలాంటిది ఉంటే పేరుతో రాయండి, లేకపోతే ఉన్నట్టు రాయకండి. ఇంకో చిన్న సంగతి: ఇంతకుముందు ఏ రూపంలోనూ చేయని పనిని అక్కడ చేస్తానంటే ఎవరూ నమ్మరు. ఇక్కడ తొమ్మిది మందికి చేసినవాళ్లు అక్కడ పది మందికి చేస్తానంటే నమ్ముతారు.

ఇక మాటల దగ్గర జరిగే ప్రమాదాలు కొన్ని. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలకి అక్కడ అర్థం వేరు, లేదా అసలు అర్థమే లేదు. "పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటే అమెరికన్ చెవికి స్పృహ తప్పి పడిపోవడం. "ఇంటర్మీడియట్" అంటే మధ్యరకం. పదకొండు, పన్నెండు తరగతులు అని రాయాలి. "బ్యాక్‌వర్డ్ ఏరియా", "బ్యాక్‌వర్డ్ క్లాస్" అంటే మనకి ప్రభుత్వ భాష, వాళ్లకి తిట్టులా వినపడుతుంది. లక్షలు, కోట్లు తెలియవు. ఏడాదికి 60 వేల రూపాయల ఆదాయం అని చెప్పి బ్రాకెట్లో డాలర్లు పెడతారు కొందరు. డాలర్లలోకి మారిస్తే చాలా చిన్న అంకె వచ్చి కళ్లనీళ్ల పర్యంతం అవుతుంది గానీ, ఆ డబ్బుతో మన ఊళ్లో ఏం వస్తుందో వాళ్లకి తెలియదు కాబట్టి అది కొలత కాదు. ఇంటి నెల ఖర్చులో హాస్టల్ ఫీజు ఎంత వంతు అన్నది చెప్పండి. అది ఏ దేశంలోనైనా అర్థమవుతుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన మాట "ఫస్ట్ జనరేషన్". అమెరికాలో సాధారణంగా దానికి అర్థం, తల్లిదండ్రుల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ లేదని. మీ నాన్నగారు ఎప్పుడో బీఏ పూర్తిచేసి వ్యవసాయంలోకి వచ్చి ఉంటే మీరు ఫస్ట్ జనరేషన్ కాదు, మూడేళ్ల డిగ్రీ అయినా డిగ్రీయే. మొదట అమెరికా వెళుతున్నది నేనే, మొదట ఇంజినీరింగ్ చదివింది నేనే అన్నవి వేరే సంగతులు, అవి అలాగే రాయొచ్చు. కొన్ని అప్లికేషన్లలో తల్లిదండ్రుల చదువు కోసం విడిగా గడి ఉంటుంది. గడిలో ఒకటి, వ్యాసంలో ఇంకోటి ఉంటే అనుమానం మొత్తం అప్లికేషన్ మీద పడుతుంది. "అండర్ రిప్రజెంటెడ్" కూడా అంతే. ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్ కోర్సుల్లో భారతీయులకి ఆ మాట వర్తించదు. చివర్లో మీరు సంతకంగా పేరు టైప్ చేసే చోట, ఇదంతా నిజమేనని, నేనే రాశానని ధ్రువీకరిస్తారు. కన్సల్టెన్సీ రాసిచ్చిన వ్యాసం కింద ఆ పేరు టైప్ చేయడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఒకే కన్సల్టెన్సీ నుంచి ఒకే యూనివర్సిటీకి వెళ్లే వ్యాసాలు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

హైదరాబాద్‌లో పుట్టి, మంచి స్కూల్లో చదివి, కారులో కాలేజీకి వెళ్లినవాళ్లు ఏం చేయాలి? ముందు లేని కష్టాన్ని పుట్టించొద్దు. తాతగారి పేదరికాన్ని అరువు తెచ్చుకోవద్దు. నాకు అడ్డంకులు పెద్దగా లేవని ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే పరువేమీ పోదు, మీరు గమనించింది ఏమిటో చెప్పడానికి చోటు దొరుకుతుంది. చూపులేని విద్యార్థులకి పరీక్షల్లో స్క్రైబ్‌గా కూర్చున్నవాళ్లు ఉంటారు మీలో. గణితం పేపర్‌లో "రూట్ ఎక్స్ ప్లస్ వన్" అని చదివారనుకోండి. రూట్ ఎక్స్ దాకేనా, ప్లస్ వన్ మీదకి కూడా వెళ్లిందా? x విలువ 8 అయితే, మొత్తం మీద రూట్ ఉంటే 3, లేకపోతే దాదాపు 3.83. చదివిన తీరు వల్ల లెక్కే మారిపోయింది. "రూట్ మొదలు, ఎక్స్ ప్లస్ వన్, రూట్ ముగింపు" అని చదవాలని మూడో పరీక్షకి తెలుసుకున్నవాడు, అక్కడ సెమినార్ స్లయిడ్లు, కోర్సు నోట్సు స్క్రీన్ రీడర్‌తో చదవడానికి వీలుగా తయారుచేస్తానంటే నమ్మొచ్చు. ఆ స్టేట్‌మెంట్‌లో కష్టం వేరేవాళ్లది, నేర్చుకున్నది, చేసింది మాత్రం ఆ కుర్రాడిది. ఆ తేడా వ్యాసంలో స్పష్టంగా ఉండాలి. చూపులేని అభ్యర్థి కథని తన ధైర్యగాథగా రాసుకుంటే మాత్రం చదివేవాళ్లకి చిరాకు.

కులం గురించి అడగాలని చాలామందికి ఉంటుంది, అడగడానికి మొహమాటం. అప్లికేషన్‌లో కులానికి గడి ఉండదు. రాయాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అక్కడ ఈ సంగతి ఇప్పుడు బొత్తిగా తెలియనిదేం కాదు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019 డిసెంబరులో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చాయి. 2023లో సియాటిల్ నగరం చట్టమే చేసింది. అయినా చదివే ప్రొఫెసర్‌కి ఎస్సీ, బీసీ అనే పొట్టి అక్షరాలు ఏమీ చెప్పవు. రాయదలిస్తే సంఘటన రాయండి: హాస్టల్లో ర్యాంకు అడిగే వంకతో కులం ఎలా అడిగారు, ఆ తర్వాత ఏం మారింది, మీరేం చేశారు. రెండు వాక్యాల్లో జరిగింది చెబితే నిర్వచనం దానంతటదే వస్తుంది. కమిటీలో మనవాళ్లు కూడా ఉండొచ్చు అనే భయం ఉంటుంది, అది కారణం లేని భయం అని నేను అనను. ఇష్టం లేనివాళ్లు రాయకపోతే దాపరికం కాదు. నిజాయితీ అంటే రాసినదంతా నిజం కావడం, ఉన్నదంతా రాయడం కాదు.

ఇంకేమైనా అడగాలనుకునేవాళ్లు అడగండి.

(ఒక విద్యార్థి: ఎనిమిది యూనివర్సిటీలకి ఒకటే పంపొచ్చా, సార్?)

మొదటి 350 మాటలు పంపొచ్చు, అవి మీ జీవితం, ఊరు మారితే మారవు. చివరి 150 ప్రతి చోటికీ కొత్తగా రాయాలి, అందుకు ఒక్కో యూనివర్సిటీకి వెబ్‌సైట్ ముందు గంటన్నర పెట్టుకోండి. ఇంకోటి, ఎస్‌ఓపీలో చెప్పిన ప్రాజెక్టుని ఇక్కడ మళ్లీ చెప్పకండి. రెండు ఫైళ్లూ ఒకరే పక్కపక్కన తెరిచి చదువుతారు.

(ఒక విద్యార్థిని: మా లెక్చరర్ ఇచ్చే రికమెండేషన్‌లో ఇవేవీ ఉండవు కదండీ, నమ్ముతారా?)

ఉండేలా చేయొచ్చమ్మా. లెటర్ అడిగేటప్పుడే ఆదివారం క్లాసుల సంగతి ఆయనకి తెలుసో లేదో అడుగు. తెలిస్తే, ఏ ఏడు, ఎంతమంది, ఎన్ని వారాలు అని ఒక పేరాలో రాసి మెయిల్ పెట్టు. ఆయన ఒక్క వాక్యం రాసినా చాలు. తెలియకపోతే ఆయన్ని రాయమని అడగొద్దు. అప్పుడు నీ వ్యాసంలో సంఖ్యలు కచ్చితంగా ఉండాలి, 14 అంటే 14. నోట్‌బుక్ ఇంకా జూనియర్ల దగ్గరే ఉంటే రెండు పేజీలు ఫొటో తీసి దాచుకో. ఎవరూ అడక్కపోవచ్చు. అప్లికేషన్‌తో మాత్రం, అడగనిది ఏదీ జత చేయకు.